తుప్పు పట్టి బిగుసుకుపోయిన టేబుల్ ఫ్యాన్ నట్టు: రెక్క విరగకుండా ఊడదీసే పద్ధతి

టేబుల్ ఫ్యాన్ రెక్కకు దుమ్ము పట్టి కడగాలన్నా, విరిగిన రెక్క మార్చాలన్నా, మోటారు ముందువైపు షాఫ్ట్ అనే కడ్డీ తిరిగే బుష్‌లో నూనె వేయాలన్నా మొదట మధ్యలో ఉన్న నట్టు ఊడాలి. రెండు మూడేళ్లు ముట్టుకోని ఫ్యాన్‌లో, ముఖ్యంగా సముద్రం గాలి తగిలే ఊళ్లలోనో కూలర్ పక్కనో తిరిగిన ఫ్యాన్‌లో, ఆ నట్టు కదలదు. అప్పుడు చాలామంది కటింగ్ ప్లయర్ పట్టుకుని బలంగా తిప్పుతారు. నట్టు ఊడదు, మూలలు మాత్రం అరిగిపోతాయి. కొందరి చేతిలో రెక్క మొదట్లోనే విరుగుతుంది. తుప్పు ఎంత గట్టిదైనా వదిలించవచ్చు కానీ, తప్పు వైపు తిప్పుతూ పెట్టిన బలమంతా నట్టును ఇంకా బిగించడానికే పోతుంది. అందుకే పానా చేతిలోకి తీసుకునే ముందు ఏ వైపు తిప్పాలో తేల్చుకోవాలి.

ఏ వైపు తిప్పాలి

మామూలు నట్టు ఎడమకు, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పితే ఊడుతుంది. టేబుల్ ఫ్యాన్ మధ్య నట్టుకు సాధారణంగా ఎడమ మర ఉంటుంది. మెకానిక్‌లు లెఫ్ట్ థ్రెడ్ అంటారు. ఇది గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది, ఎదురు తిప్పితే బిగుస్తుంది.

ఇలా ఎందుకు పెట్టారంటే, మన ముందు నిలబెట్టిన టేబుల్ ఫ్యాన్ సాధారణంగా గడియారం ముల్లు వైపే తిరుగుతుంది. స్విచ్ వేయగానే షాఫ్ట్ ఒక్కసారిగా ముందుకు తిరుగుతుంది. రెక్క బరువు వల్ల, గాలి అడ్డు వల్ల రెక్క కాస్త వెనకబడుతుంది. రెక్కకు ఆనుకుని ఉన్న నట్టు మీద కూడా ఆ వెనక్కి లాగే రాపిడి పడుతుంది. మామూలు మర అయితే ఆ రాపిడికి రోజూ కొంచెం కొంచెం వదులై, ఒకరోజు రెక్క ఊడి జాలీకి కొట్టుకునేది. ఎడమ మర కావడంతో అదే రాపిడి నట్టును బిగిస్తుంది. తిరుగుతున్న ఫ్యాన్‌లో కర్టెన్ చిక్కుకుని రెక్క ఠక్కున ఆగినా నట్టు బిగుసుకునే వైపే బలం పడుతుంది.

కాబట్టి పాత ఫ్యాన్ నట్టు మీద మూడు బిగువులు ఉంటాయి. ఫ్యాన్ తనంతట తాను బిగించుకున్నది ఒకటి, తుప్పు పట్టింది ఒకటి, ఎవరో ఒకరు మామూలు నట్టనుకుని ఎడమకు తిప్పి బిగించింది ఒకటి.

అన్ని ఫ్యాన్లూ ఒకే వైపు తిరుగుతాయని అనుకోకండి. మీ ఫ్యాన్‌ను చూసి తేల్చుకోండి. ప్లగ్ తీయకముందే ఒకసారి ఆన్ చేసి ఆపి, మెల్లగా ఆగిపోయేటప్పుడు ఎదురుగా నిలబడి రెక్క ఎటు తిరుగుతుందో గమనించండి. రెక్క తిరిగే వైపే నట్టు ఊడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే గడియారాలూ దిక్కులూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నట్టు బయటకు షాఫ్ట్ కొన కనిపిస్తుంటే ఇంకో పరీక్ష ఉంది. షాఫ్ట్ పైకి ఉండేలా ఫ్యాన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి మరల గీతలు చూడండి. మనవైపు కనిపించే గీతలు ఎడమవైపుకు ఎక్కుతుంటే అది ఎడమ మర, కుడివైపుకు ఎక్కుతుంటే మామూలు మర. కొన్ని ఫ్యాన్లలో నట్టుగా పనిచేసే ప్లాస్టిక్ టోపీ మీదే బాణం గుర్తు వేసి ఉంటుంది. దుమ్ము తుడిచి చూస్తే కనిపిస్తుంది.

అదే ఫ్యాన్‌లో ఇంకో చిక్కు ఉంది. రెక్క వెనక, వెనక జాలీని పట్టి ఉంచే పెద్ద ప్లాస్టిక్ రింగు సాధారణంగా మామూలు మరతో ఉంటుంది. అంటే ఒకే ఫ్యాన్‌లో రెండు నట్లు రెండు ఎదురు దిక్కుల్లో ఊడతాయి. రెక్క బయటకు వచ్చాక ఆ రింగు మీద కూడా అదే వైపు బలం పెడితే ప్లాస్టిక్ చీలిపోతుంది.

కావలసిన సామాను

నట్టుకు సరిపోయే రింగ్ పానా కావాలి. నోరు తెరిచి ఉండే పానా మూలల మీద మాత్రమే ఆనుతుంది, తుప్పు నట్టు మీద అది జారుతుంది. సైజు నట్టు మీద పెట్టి చూసి తెచ్చుకోండి, ఒక్క రవ్వ వదులున్నా వద్దు. దాంతోపాటు లాకింగ్ ప్లయర్ ఒకటి, పాత సైకిల్ ట్యూబు ముక్క, తుప్పు వదిలించే స్ప్రే, పాత టూత్ బ్రష్, చిన్న సుత్తి, మార్కర్ పెన్, గరుకు కాగితం, కుట్టుమిషన్ నూనె. నట్టు మరీ మొండికేస్తే సోల్డరింగ్ ఐరన్, ఆకురాయి, హాక్సా బ్లేడు అవసరమవుతాయి. వాటిని మొదటే కొనక్కర్లేదు.

స్ప్రే గురించి ఒక జాగ్రత్త. మీ రెక్క ఇనుముదో అల్యూమినియందో అయితే ఏ నూనె అయినా పర్వాలేదు. ప్లాస్టిక్ రెక్క అయితే, అందులోనూ అద్దంలా ఆరపార కనిపించే రకం అయితే, కిరసనాయిలు, పెట్రోలు, నెయిల్ పాలిష్ తీసే ద్రవం తగలగానే సన్నని వెంట్రుక పగుళ్లు రావచ్చు. వెంటనే కనిపించకపోయినా తర్వాత వేగంగా తిరిగేటప్పుడు అక్కడే విరగవచ్చు. అలాంటి రెక్క ఉంటే స్ప్రేను నేరుగా కొట్టకుండా, చిన్న గిన్నెలో పోసుకుని అగ్గిపుల్లతో ఒక్కో చుక్కా నట్టు మరల దగ్గర మాత్రమే వేయండి. రెక్క మీద పడింది వెంటనే తుడిచేయండి. బండ్లలో వాడే బ్రేక్ ఆయిల్ కొందరు చెబుతారు. అది రంగునూ ప్లాస్టిక్‌నూ తినేస్తుంది, వద్దు. కొబ్బరినూనె సన్నని సందుల్లోకి పాకదు, చలికి గడ్డకడుతుంది, దాంతో పని కాదు.

ముందు జాలీ తీసి, ఫ్యాన్‌ను పడుకోబెట్టడం

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ సాకెట్‌లోంచి లాగేసి మీ కంటి ఎదురుగా పెట్టుకోండి. ఇంట్లో పిల్లలో ఇంకెవరో స్విచ్ వేసినా ఫ్యాన్ తిరగకూడదు. చేతులు రెక్క సందుల్లో ఉంటాయి మరి.

ముందు జాలీ చుట్టూ ఉన్న క్లిప్పులు తీయండి. చాలా ఫ్యాన్లలో కింది క్లిప్పు దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది, అది తీయకుండా లాగితే జాలీ వంగుతుంది. వెనక జాలీ ఇప్పుడు రాదు, ఎందుకంటే దాని రింగు రెక్క వెనక ఉంది. దాన్ని అలాగే వదిలేయండి.

తర్వాత ఫ్యాన్‌ను ఎలా పడుకోబెట్టాలన్నది నట్టు రకాన్ని బట్టి ఉంటుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం. నట్టు తెరిచి ఉండి, దాని మధ్యలోంచి షాఫ్ట్ కొన బయటకు కనిపిస్తుంటే ఫ్యాన్‌ను వెల్లకిలా, షాఫ్ట్ పైకి ఉండేలా పెట్టండి. నూనె షాఫ్ట్ కొన చుట్టూ వేస్తే మరల వెంట కిందికి దిగుతుంది. నట్టు ముందువైపు మూసి ఉండి టోపీలా ఉంటే పైనుంచి ఎంత నూనె పోసినా లోపలికి ఒక్క చుక్క పోదు. అప్పుడు ఫ్యాన్‌ను బోర్లా, షాఫ్ట్ కిందికి ఉండేలా పెట్టాలి. అంచుల కింద రెండు ఇటుకలో రెండు పుస్తకాల దొంతరలో ఉంచి, ఫ్యాన్ బరువు వెనక జాలీ అంచు మీద పడేలా చూసుకోండి, రెక్క మీద ఒత్తిడి పడకూడదు. ఆ తర్వాత రెక్క మధ్య గుండ్రటి భాగం వెనక, షాఫ్ట్ రెక్కలోకి వెళ్లే చోట చుక్కలు వేయండి. నూనె షాఫ్ట్ వెంట పాకి వెనకనుంచి మరల్లోకి చేరుతుంది.

వెల్లకిలా పెట్టినప్పుడు పోసిన నూనె ఎక్కువైతే అది రెక్కను దాటి కిందికి జారి ముందు బుష్‌లోకి పోతుంది. తుప్పు వదిలించే పలుచని నూనె బుష్‌లో ఉన్న అసలు నూనెను కడిగేస్తుంది. కాబట్టి ఒక్కో విడతకు నాలుగైదు చుక్కలు చాలు. షాఫ్ట్ మీద రెక్క వెనక ఒక నూలు దారం రెండు చుట్లు చుట్టి ఉంచితే మిగిలిన నూనెను అది పీల్చుకుంటుంది.

నూనెకు సమయం ఇవ్వడం

ఇనుము తుప్పుగా మారినప్పుడు అది మొదటి కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మర సందుల్లో ఉన్న ఆ పొడి నట్టును లోపలినుంచి ఇరికించి పట్టుకుంటుంది. నూనె ఆ పొడిలోకి దారి చేసుకోవాలంటే దానికి సమయం కావాలి, కొంచెం కదలిక కూడా కావాలి.

ముందు టూత్ బ్రష్‌తో కనిపించే తుప్పును గీకి ఊదేయండి. నాలుగైదు చుక్కలు వేయండి. తర్వాత నట్టు పక్కగోడల మీద చిన్న సుత్తితో నెమ్మదిగా, కానీ చురుగ్గా తట్టండి. ఒకవైపు తట్టేటప్పుడు ఎదురు వైపు మరో ఇనుప ముక్క ఆనించి పట్టుకుంటే దెబ్బ నట్టుకే తగులుతుంది, షాఫ్ట్ వంగదు. చుట్టూ ఆరు పక్కలా ఇలా తట్టాలి. షాఫ్ట్ కొన మీద ముందునుంచి మాత్రం ఎప్పుడూ కొట్టకండి. ఆ దెబ్బ లోపలి వాషర్లకు, వెనక బుష్‌కు తగులుతుంది. షాఫ్ట్ కొంచెం వంగినా ఆ తర్వాత ఫ్యాన్ జీవితాంతం ఊగుతూనే ఉంటుంది.

పావుగంట ఆగి మళ్లీ చుక్కలు, మళ్లీ తట్టడం. ఇలా రెండు మూడు విడతలు చేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారి చూస్తే నట్టు చుట్టూ ఎర్రటి జిడ్డు ఊరి ఉంటుంది. ఆ ఎరుపు కనిపిస్తే నూనె లోపలికి పోయి తుప్పును వదులు చేస్తోందని అర్థం. నూనె శుభ్రంగా పైనే నిలిచి ఉంటే అది లోపలికి పోలేదు. అప్పుడు తొందరపడి తిప్పకుండా ఇంకో రాత్రి ఇవ్వండి.

షాఫ్ట్‌ను పట్టుకోవడం

నట్టు తిప్పితే షాఫ్ట్ కూడా దానితో పాటు తిరుగుతుంది. దేన్ని పట్టుకుని ఆపాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది రెక్క కొసను పట్టుకుంటారు. కొస దగ్గర చేయి పెడితే బలం మొత్తం రెక్క మొదట్లో పడుతుంది, అక్కడే విరుగుతుంది.

రెక్క వెనక షాఫ్ట్‌కు అడ్డంగా ఒక చిన్న పిన్ను ఉంటుంది. రెక్క గుండ్రటి భాగం వెనక ఉన్న గాడి ఆ పిన్ను మీద కూర్చుంటుంది. మోటారు బలం రెక్కకు చేరేది ఆ పిన్ను ద్వారానే. మీరు రెక్కను పట్టుకుంటే ఆ గాడి మీద బలం పడుతుంది. ప్లాస్టిక్ గాడి అయితే అది తెరుచుకుపోతుంది. తర్వాత రెక్క షాఫ్ట్ మీద జారుతూ టకటకమని శబ్దం చేస్తుంది. కాబట్టి వీలైతే షాఫ్ట్‌నే పట్టుకోవాలి.

రెక్కకూ మోటారు ముందు భాగానికీ మధ్య కొద్ది మేర షాఫ్ట్ బయట కనిపిస్తుంది. అక్కడ సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దాని మీద లాకింగ్ ప్లయర్ బిగించండి. ప్లయర్ పిడిని వెనక జాలీ తీగలకు ఆనించవద్దు, తీగలు వంగుతాయి. ఒక చేత్తో పట్టుకోవాలి, లేదా ఇంకొకరు పట్టుకుంటే మంచిది. ప్లయర్‌ను రెక్కకు వీలైనంత దగ్గరగా, మోటారుకు దూరంగా పెట్టండి. షాఫ్ట్ కాస్త ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది కనుక మోటారు దగ్గర గీతలు పడితే ఆ గీతలు బుష్‌లోకి పోయి దాన్ని అరగదీస్తాయి. రబ్బరు లేకుండా ఇనుప పళ్లు నేరుగా షాఫ్ట్ మీద పెట్టకూడదనేది అందుకే. వెనకనుంచి గేరుబాక్సు తీసి షాఫ్ట్ వెనక కొన పట్టుకోమని కొందరు చెబుతారు. ఫ్యాన్ అటూ ఇటూ తిరిగేందుకు పనికొచ్చే వార్మ్ పళ్లు అక్కడే ఉంటాయి, వాటిని ప్లయర్‌తో పట్టుకుంటే పాడవుతాయి.

షాఫ్ట్ అందని మోడల్ అయితే రెక్కనే పట్టుకోక తప్పదు. అప్పుడు రబ్బరు గ్లవ్స్ వేసుకుని, రెక్కలు గుండ్రటి భాగానికి కలిసే చోట, అన్ని రెక్కల మొదళ్లనూ కలిపి అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకోండి.

తిప్పడం

నట్టు మీదా షాఫ్ట్ కొన మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. టోపీ రకం అయితే టోపీ మీదా రెక్క గుండ్రటి భాగం మీదా గీయండి. నట్టు కదిలిందో, మొత్తం షాఫ్ట్ తిరిగిందో చేతికి తెలియదు కానీ గీత విడిపోతే కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు రింగ్ పానా పూర్తిగా నట్టు మీద దించి, ముందు *బిగించే* వైపు, అంటే రెక్క తిరిగే వైపుకు ఎదురుగా, రవ్వంత తిప్పండి. వింతగా అనిపిస్తుంది కానీ తుప్పు పొర పగలడానికి ఆ చిన్న కదలిక ఉపయోగపడుతుంది. గీత దారం మందం విడిపోతే చాలు, ఆపేయండి. వెంటనే ఊడే వైపు తిప్పండి. పెద్ద పిడి పెట్టి ఒక్కసారి లాగడం కంటే చిన్న పిడి మీద అరచేత్తో చిన్న చిన్న దెబ్బలు కొట్టడం మంచిది. దెబ్బకు తుప్పు పగులుతుంది, లాగితే షాఫ్ట్ మెలితిరుగుతుంది.

నట్టు కదలడం మొదలుపెట్టగానే సంతోషంతో ఒకేసారి తిప్పేయకండి. పావు చుట్టు ఊడదీసి, సగం పావు వెనక్కి బిగించి, రెండు చుక్కల నూనె వేసి, మళ్లీ పావు చుట్టు. కీచుమనే శబ్దం వస్తే తుప్పు పొడి మరల్లో నలుగుతోందన్నమాట. వెనక్కి వెళ్లి నూనె వేయాల్సిందే. నట్టు వేడెక్కినట్టు చేతికి తెలిస్తే కూడా ఆగండి. పొడి తుప్పు మీద బలవంతంగా తిప్పితే మరలు చిరిగిపోతాయి. నట్టు పోతే కొత్తది దొరుకుతుంది, షాఫ్ట్ మర పోతే మోటారు రోటరే మార్చాలి.

వేడి పెట్టాల్సి వస్తే

రెండు రాత్రులు నూనె ఇచ్చినా గీత విడిపోకపోతే వేడి పెట్టాలి. ఇక్కడ రెక్క ఏ పదార్థమన్నది ముఖ్యం. లోహపు రెక్క, తెరిచిన ఇనుప నట్టు అయితే 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కొనను నట్టు పక్కకు ఆనించి నాలుగైదు నిమిషాలు ఉంచండి. నట్టు వేడికి కాస్త వ్యాకోచిస్తుంది, షాఫ్ట్ కూడా వేడెక్కకముందే ఆ తేడాలో తుప్పు పొర పగులుతుంది. వేడిగా ఉన్నప్పుడే కొవ్వొత్తి మైనం మర దగ్గర తాకిస్తే అది కరిగి లోపలికి పీల్చుకుపోతుంది. వెంటనే పానాతో తిప్పండి. ఈ పని చేసే ముందు స్ప్రే నూనె అంతా గుడ్డతో తుడిచి, కాసేపు గాలికి ఆరనివ్వాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. స్ప్రే డబ్బా గదిలో ఉండకూడదు. గ్యాస్ మంట, లైటర్ మాత్రం అసలే వద్దు.

ప్లాస్టిక్ రెక్క మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టకండి. దానికి బదులు హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడి చేసి, గుండ్రటి భాగం చేతికి ఓర్చుకోగలిగినంత వేడిగా ఉన్నప్పుడు ప్రయత్నించండి. లోహపు ముక్క ప్లాస్టిక్ టోపీలో అతికి ఉన్న రకానికి వేడి పెట్టకపోవడమే మేలు, వేడికి ఆ అతుకు వదులవుతుంది.

మూలలు అరిగిన నట్టు: భీమిలి ఫ్యాన్

భీమునిపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటి వరండాలో చాలా ఏళ్లుగా తిరుగుతున్న 400 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి చూశాను. ఇనుప రెక్క, తెరిచిన ఇనుప నట్టు. ఆ ఇంటాయన ఎడమకు తిప్పీ తిప్పీ నట్టు ఆరు మూలలూ గుండ్రంగా చేసేశారు. పానా పట్టుకోదు, ప్లయర్ జారుతుంది. షాఫ్ట్ కొన కనిపిస్తోంది, మరలు ఎడమవైపుకు ఎక్కుతున్నాయి. అంటే అప్పటిదాకా ఆయన పెట్టిన బలమంతా బిగించడానికే పోయింది.

మొదట చేసింది నూనె, తట్టడం, ఒక రాత్రి విరామం. మర్నాడు ఆకురాయితో నట్టు రెండు ఎదురెదురు పక్కలను చదునుగా అరగదీశాం. ఆరు పక్కలూ సరిచేయనక్కర్లేదు, రెండు సమాంతరంగా ఉంటే చాలు. ఆకురాయి పొడి మోటారులోకి పోకుండా షాఫ్ట్ వెనక తడిగుడ్డ చుట్టి ఉంచాం. ఆ రెండు పక్కల మీద సర్దుకునే పానా దవడలు గట్టిగా కరిచాయి. ముందు ఎదురు వైపు రవ్వంత కదపబోతే గీత విడిపోలేదు. అందుకని తుడిచి, ఆరనిచ్చి, సోల్డరింగ్ ఐరన్ పెట్టాం. వేడిలోనే మైనం తాకించి, ట్యూబు చుట్టి లాకింగ్ ప్లయర్‌తో షాఫ్ట్ పట్టుకుని, రెక్క తిరిగే వైపు పానా మీద అరచేత్తో కొట్టాం. నాలుగో దెబ్బకు 'టిక్' మని ఒక చిన్న శబ్దం వచ్చింది, గీత రెండుగా విడిపోయింది. "ఇంతేనా బాబూ, ఇంకో వైపు తిప్పితే సరిపోయేదా!" అన్నారాయన. తుప్పు కూడా ఉంది కనుక వైపు ఒక్కటే తెలిస్తే సరిపోయేది కాదు. కానీ వైపు తెలియకపోతే నట్టు ఎప్పటికీ వచ్చేది కాదు.

టోపీ తిరుగుతుంది కానీ బయటకు రాదు

ప్లాస్టిక్ టోపీ రకంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది వస్తుంది. టోపీ లోపల ఒక లోహపు నట్టు అతికి ఉంటుంది. తుప్పు వల్ల ఆ లోహం షాఫ్ట్‌కు పట్టేసి, ప్లాస్టిక్ మాత్రం దాని చుట్టూ వదులుగా తిరుగుతుంది. దీన్ని ఇలా గుర్తుపట్టవచ్చు: టోపీ మెత్తగా తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిప్పినా టోపీ అంచుకూ రెక్కకూ మధ్య సందు గోరు దూరేంత కూడా పెరగదు. నిజంగా ఊడుతున్న నట్టు ప్రతి చుట్టుకూ కొంచెం ముందుకు వస్తుంది.

అలాంటప్పుడు టోపీ మీద ఇంకా బలం పెట్టి లాభం లేదు. హాక్సా బ్లేడుతో టోపీ ప్లాస్టిక్‌ను షాఫ్ట్‌కు సమాంతరంగా రెండు చోట్ల కోసి, స్క్రూ డ్రైవర్‌తో విడగొట్టి తీసేయండి. లోపలి లోహపు ముక్క బయటపడుతుంది. దానికి నూనె ఇచ్చి, లాకింగ్ ప్లయర్‌తో పట్టుకుని రెక్క తిరిగే వైపు తిప్పండి. షాఫ్ట్‌ను పట్టుకోవడానికి అప్పుడు రెండో ప్లయర్ కావాలి.

చివరి మార్గం: నట్టు కోయడం

పైన చెప్పినవేవీ పనిచేయకపోతే నట్టును త్యాగం చేయాలి. నట్టు ఒక పక్క మీద, షాఫ్ట్‌కు సమాంతరంగా, హాక్సా బ్లేడుతో కోయండి. మర దాకా కోయకూడదు, మరకు ఇంకా ఒక గీత మందం ఉండగానే ఆపాలి. ఎంత లోతు పోయిందో మధ్య మధ్య ఆపి టార్చి వేసి చూసుకోండి. ఆ కోతలో మందపాటి స్క్రూ డ్రైవర్ పెట్టి మెలితిప్పితే నట్టు పగిలి తెరుచుకుంటుంది, తర్వాత చేత్తోనే ఊడుతుంది. ఇక్కడ కూడా మోటారు ముఖం తడిగుడ్డతో కప్పి ఉంచాలి. ఇనుప రజను మోటారులోకి పోతే రోటరుకు పట్టుకుని గీరుతుంది.

కొత్త నట్టు కొనేటప్పుడు పాత నట్టు ముక్క, వీలైతే రెక్క కూడా దుకాణానికి పట్టుకెళ్లండి. మామూలు నట్టు సైజు సరిపోయినట్టు కనిపించినా ఈ షాఫ్ట్‌కు ఎక్కదు. ఎడమ మర నట్టే కావాలని చెప్పి అడగాలి. ఇంటికి వచ్చాక ఊరకే వేళ్లతో ఎక్కించి చూడండి, నాలుగు చుట్లు పట్టు లేకుండా పోతే అది సరైన మర. మొదటి చుట్టులోనే బిగుస్తుంటే బలవంతం చేయకండి, అది వేరే మర.

నట్టు ఊడింది, రెక్క రావడం లేదు

నట్టు పోయాక రెక్క కూడా షాఫ్ట్‌కు తుప్పుతో అతుక్కుని ఉండవచ్చు. ముందు గుండ్రటి భాగం పక్కన చిన్న బిగింపు స్క్రూ ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని పాత లోహపు రెక్కలకు అది ఉంటుంది, దుమ్ములో కనపడదు. లేకపోతే షాఫ్ట్ రెక్కలోకి వెళ్లే చోట రెండు వైపులా నూనె వేసి గంట ఆగండి. తర్వాత రెక్కను అటూ ఇటూ కొంచెం కొంచెం ఆడిస్తూ రెండు చేతులతో నేరుగా ముందుకు లాగండి. ఒక పక్కనుంచి స్క్రూ డ్రైవర్ పెట్టి ఎత్తితే షాఫ్ట్ వంగుతుంది. ఎత్తాల్సి వస్తే ఎదురెదురుగా రెండు చెక్క పట్టీలు పెట్టి ఒకేసారి ఎత్తాలి. రెక్క బయటకు వచ్చేటప్పుడు వెనక అడ్డ పిన్ను జారి పడవచ్చు, ఒక చేయి కింద పెట్టుకోండి. ఆ పిన్ను లేకుండా రెక్క పెడితే మోటారు తిరుగుతుంది, రెక్క నిలబడుతుంది.

శుభ్రం చేసి మళ్లీ బిగించడం

షాఫ్ట్ మరలను టూత్ బ్రష్‌తో, స్ప్రేతో కడిగి, గరుకు కాగితాన్ని సన్నగా చించి దారంలా మర వెంట లాగితే తుప్పు పొడి రాలుతుంది. మర లేని చోట, రెక్క కూర్చునే భాగాన్ని కూడా సన్నని గరుకు కాగితంతో మెరిసేదాకా తుడవండి. అన్నీ పొడిగుడ్డతో తుడిచాక మరల మీద గ్రీజు గానీ వ్యాజిలైన్ గానీ పలుచగా రాయండి. ఇది చేస్తే మళ్లీ విప్పినప్పుడు నట్టు చేతికే వస్తుంది. ముందు బుష్ దగ్గర కుట్టుమిషన్ నూనె రెండు మూడు చుక్కలు వేసి, షాఫ్ట్‌ను చేత్తో కాసేపు తిప్పండి. మీరు ముందు వేసిన పలుచని నూనె బుష్‌లోని నూనెను కడిగేసి ఉంటే అది ఇప్పుడు భర్తీ అవుతుంది.

రెక్క పెట్టేటప్పుడు వెనక గాడి పిన్ను మీద కూర్చుందో లేదో రెక్కను అటూ ఇటూ ఆడించి చూడండి. కూర్చుంటే షాఫ్ట్ కూడా కలిసి తిరుగుతుంది. నట్టును రెక్క తిరిగే వైపుకు ఎదురు దిక్కున, చేత్తో బిగిస్తే చాలు. పానా పెట్టి బిగించక్కర్లేదు, మిగిలిన బిగువు ఫ్యాన్ తానే చూసుకుంటుంది. ముందు జాలీ బిగించాకే ప్లగ్ పెట్టి, మొదట తక్కువ వేగంలో ఒక నిమిషం తిప్పండి. రెక్క ఊగకుండా, జాలీకి తగలకుండా తిరుగుతుంటే ఆపి, ప్లగ్ తీసి, జాలీ విప్పి నట్టును ఒకసారి చేత్తో తడిమి చూడండి. మీరు వదిలినప్పటికంటే గట్టిగా ఉంటే మర సరైనదే. వదులైతే షాఫ్ట్ మరే మామూలుదో, లేదా ఫ్యాన్ ఎదురు తిరుగుతోందో, రెండూ చూసుకుని గానీ వేగం పెంచకండి.